పాప ఏ వార్డులో ఉంది?

ఆసుపత్రిలో వార్డు పేరు ఎక్కువగా నలిగేది ఫోన్లలో. బిడ్డను చేర్పించి, కేస్ షీట్ రాయించి, సెలైన్ పెట్టాక తల్లి వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేస్తుంది. అవతల అమ్మమ్మో నాయనమ్మో ముందు "ఎలా ఉందే?" అంటుంది. ఆ వెంటనే "ఏ వార్డులో పెట్టారు?" అని అడుగుతుంది. జవాబు "ఐసీయూ" అయితే ఆ తర్వాత చెప్పేదేదీ అవతలివాళ్ళ చెవికెక్కదు. ఆయాసం కాస్త ఎక్కువగా ఉంది, ఒక్క రాత్రి కనిపెట్టుకుని ఉంటామన్నారని ఎంత చెప్పినా లాభం లేదు. తెల్లారేసరికి ఊళ్ళో సగం మంది బస్సు దిగుతారు.

కొత్తగా పిల్లల వార్డు కట్టేటప్పుడు గోడల రంగు గురించి, బొమ్మల గురించి, ఏసీల గురించి మీటింగుల మీద మీటింగులు జరుగుతాయి. పేరు మాత్రం రిబ్బన్ కత్తిరించే ముందురోజు తేలుతుంది. అప్పటికి చేతిలో ఉండేవి రెండే. ఒకటి డబ్బిచ్చిన దాత పేరు, రెండోది ప్రభుత్వ ఉత్తర్వులో ఉన్న పొడి అక్షరాలు. ఎస్‌ఎన్‌సీయూ, పీఐసీయూ, ఎన్‌ఆర్‌సీ లాంటివి ఫైలుకు బాగానే సరిపోతాయి. ఆ తలుపు ముందు చెప్పులు విడిచి నిలబడ్డ మనిషికి మాత్రం అవి ఏమీ చెప్పవు. పైగా అర్థంకాని అక్షరాలు తలుపు మీద ఉన్నప్పుడు మనిషి వాటికి చెడ్డ అర్థమే ఊహించుకుంటాడు.

మంచి పేరు ఇవ్వకపోతే జనమే ఒక పేరు పెట్టుకుంటారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ఇంక్యుబేటర్‌లో ఉంచితే మన ఊళ్ళలో అందరూ అనేది "బాక్సులో పెట్టారు" అనే. అదే మాటను శవాన్ని ఉంచే ఫ్రీజర్‌కు కూడా వాడతాం. బిడ్డ కోసం తహతహలాడే ఇంట్లో ఆ మాట ఎలా దిగుతుందో వేరే చెప్పాలా? పక్కనున్న స్టాఫ్ నర్స్ మొదటి రోజే "బాక్సు కాదమ్మా, వెచ్చగా ఉంచే పడక" అని చెబితే ఆ తల్లి ఇంటికి ఫోన్‌లో అదే మాట చెబుతుంది. ఆ వేళకు ఏ మాట అందితే దాన్నే పట్టుకుంటుంది.

తెలుగువాళ్ళకు మరీ ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. బరువు తక్కువగా పుట్టిన బిడ్డను తల్లి గుండెల మీద, చర్మానికి చర్మం తగిలేలా గుడ్డతో కట్టి గంటల తరబడి ఉంచే పద్ధతి 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో మొదలైంది. అక్కడ ఇంక్యుబేటర్లు చాలక, ఒకే దాంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని ఉంచాల్సి వచ్చి, వైద్యులు తల్లుల్నే వెచ్చదనానికి ఆధారం చేసుకున్నారు. పిల్లను సంచిలో మోసే జంతువును తలచుకుని దానికి కంగారూ మదర్ కేర్ అని పేరుపెట్టారు. ప్రాణాలు కాపాడే పద్ధతి అది, అందులో సందేహం లేదు. కానీ ఆ పేరునే తెలుగు లిపిలోకి దించి తలుపు మీద "కంగారూ వార్డు" అని రాస్తే ఏమవుతుందో ఆలోచించండి. చివరి దీర్ఘాన్ని ఫోన్‌లో ఎవరూ పలకరు. "మమ్మల్ని కంగారు వార్డులో వేశారమ్మా" అని కూతురంటే తల్లికి కాళ్ళు చేతులు ఆడతాయా? ఇంగ్లీషులో ముద్దొచ్చే పేరు ఇక్కడ అచ్చంగా భయానికే పేరు. "తల్లి ఒడి" అని రాస్తే లోపల జరిగే పనే తలుపు మీదా ఉంటుంది.

ఇక దాతల సంగతి. దాతలు లేకపోతే మన దగ్గర చాలా వార్డులు ఉండవు, కాబట్టి వాళ్ళను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే మన అలవాటు చూడండి. వార్డు గుమ్మం పక్కనే నల్లరాతి ఫలకం, దాని మీద బంగారు అక్షరాలతో "కీ.శే." అని మొదలయ్యే పేరు, కింద "జ్ఞాపకార్థం". కొన్నిచోట్ల దండ వేసిన ఫొటో కూడా. పెద్దవాళ్ళ ఆసుపత్రిలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. పిల్లల వార్డులో సంగతి వేరు. ఒక్కోసారి ఆ ఫలకం మీద ఉన్నది పోయిన చిన్నారి పేరే. తమ బిడ్డ దక్కని దుఃఖంలోంచి ఇంకొకరి బిడ్డ దక్కాలని ఆ తల్లిదండ్రులు చేసిన దానం అది. అంతకంటే గొప్ప దానం ఉండదు. కానీ జ్వరంతో సోలిపోతున్న బిడ్డను భుజాన వేసుకుని లోపలికి నడిచే తల్లి కళ్ళకు ముందు పడేది "కీ.శే. చిన్నారి" అన్న మాట.

దీనికి పరిష్కారం మన హైదరాబాద్‌లోనే ఉంది. రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రి వెనక ఒక మరణముంది. ఏడో నిజాం రెండో కొడుకు మొజంజాహీని పెళ్ళాడి వచ్చిన టర్కీ రాకుమారి నీలోఫర్ దగ్గర రఫత్ అనే పరిచారిక ఉండేది. 1949లో ఆమె కాన్పులో చనిపోయింది. ఇంకే తల్లీ ఇలా పోకూడదని రాకుమారి పట్టుబట్టడంతో పుట్టిన ఆసుపత్రి 1953లో మొదలైంది. దానికి వచ్చింది మాత్రం నీలోఫర్ పేరు. ఆ పేరుకు కలువ అని అర్థం. ఆదిలాబాద్ నుంచి, కర్నూలు నుంచి బిడ్డను ఎత్తుకొచ్చే తల్లికి ఆ చావు కథ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఆమె నోట "నీలోఫర్‌కు పోతున్నం" అన్న మాటలో ఉన్నదంతా బతుకుతాడన్న ఆశే.

లండన్‌లోని ఎవలీనా పిల్లల ఆసుపత్రిదీ ఇంచుమించు ఇదే కథ. 1866లో ఫెర్డినాండ్ డి రోత్‌షిల్డ్ భార్య ఎవలీనా కాన్పులో చనిపోయింది, బిడ్డా దక్కలేదు. మూడేళ్ళకు ఆయన ఆమె పేరుతో పిల్లల ఆసుపత్రి తెరిచాడు. వినడానికి అదొక అందమైన ఆడపిల్ల పేరు, అంతే. రెండుచోట్లా దుఃఖం చరిత్రలో ఉంది, గుమ్మం మీద లేదు. మన దాతలకు కూడా ఇదే చెప్పవచ్చు. మీ అమ్మాయి పేరు లాస్య అయితే వార్డు పేరు "లాస్య" అనే ఉండనివ్వండి. కీ.శే. అక్కర్లేదు, తేదీలు అక్కర్లేదు, దండ అసలే వద్దు. వివరాల ఫలకం ఆఫీసు గది గోడ మీద పెడదాం. విడమరచి చెబితే కాదనే దాతలు అరుదు. వాళ్ళకు ఈ విడమరిచేవాళ్ళే దొరకరు.

ఎవలీనా 2005లో కొత్త భవనంలోకి మారినప్పుడు అంతస్తులకు అంకెలతో పాటు ప్రకృతి పేర్లు పెట్టారు. కింద సముద్రం, దాని పైన మంచు ప్రాంతం, అడవి, సముద్రతీరం, గడ్డిమైదానం, పర్వతం, అన్నిటికంటే పైన ఆకాశం. నేల నుంచి పైకి పోతున్నకొద్దీ లోకం కూడా పైకి పోతుంది కాబట్టి అక్షరాలు రాని పిల్లవాడికీ దారి గుర్తుంటుంది. అదే నగరంలో 1852 నుంచి నడుస్తున్న గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో చాలా వార్డులకు జంతువుల పేర్లు ఉన్నాయి. రక్త సంబంధమైన జబ్బులకు, కేన్సర్‌కు ఏనుగు, సింహం వార్డులు. గుండెకు ఎలుగుబంటి.

బాగున్నాయి కదా అని వీటిని తెచ్చి ఇక్కడ అతికించుకుంటే కుదరదు. ఆకాశం, నక్షత్రం, చుక్క అన్న మాటలతో మనవాళ్ళు చెప్పేదేమిటి? పోయినవాళ్ళు చుక్కల్లో కలిశారంటాం, పైకి పోయారంటాం. "మా బాబు ఆకాశంలో ఉన్నాడు" అనడం ఏ తెలుగు తండ్రికీ సాధ్యం కాదు. బ్రిటన్ పుస్తకాల్లో తెలివైన తాత లాంటి గుడ్లగూబ మన ఇంటి మీద వాలితే శాంతి చేయిస్తాం. అక్కడా అన్నీ నిరపాయం కాదు. సీతాకోకచిలుకకు మించిన అమాయకమైన బొమ్మ ఏముంటుంది? కానీ బ్రిటన్‌లో నవజాత శిశువుల వార్డుల్లో పడక మీద ఊదారంగు సీతాకోకచిలుక బొమ్మ అతికించి ఉంటే, కవలల్లో ఒకరు దక్కలేదని, మాట ఆచితూచి మాట్లాడమని అర్థం. అలాంటి వార్డుకు ఆ పేరే పెడితే ఏమవుతుందో చూడండి.

కాబట్టి పేరు మంచిదా కాదా అని చూసేది నిఘంటువులో కాదు, వాక్యంలో. జనం నిజంగా పలికే వాక్యంలో ఆ పేరును పెట్టి వినాలి. ఇంకో సంగతి, మాట్లాడేటప్పుడు "వార్డు" అన్న మాట రాలిపోతుంది. "బర్న్స్‌లో ఉన్నారు", "మెటర్నిటీలో ఉన్నారు" అంటామే కానీ వార్డులో అని పూర్తిగా ఎవరంటారు? అందుకని పేరు ఒంటరిగా నిలబడగలగాలి.

ఒక జిల్లా ఆసుపత్రి అనుకుందాం. రెండో అంతస్తులో 40 పడకల కొత్త పిల్లల వార్డు తయారైంది. 30 మామూలు పడకలు, నర్సుల బల్ల ఎదురుగా మరింత జాగ్రత్తగా చూసుకోవాల్సిన పిల్లలకు 10. సూపరింటెండెంట్ ఒక డబ్బా పెట్టించి డాక్టర్లు, సిస్టర్లు, ఆయమ్మలు, సెక్యూరిటీవాళ్ళు, పాత వార్డులో ఉన్న తల్లిదండ్రులు అందరినీ చీటీలు వేయమన్నారు. అందులోంచి ఏడు పేర్లు మిగిలాయి. చందమామ, ఊయల, సింహం, చిరుదీపం, గులాబీ, బొమ్మరిల్లు, చిగురు.

మొదట వాక్యం పరీక్ష. "మా పాప చందమామలో ఉంది." పుస్తకంగా ఎంతో ప్రియమైన పేరే, వాక్యంలో మాత్రం పాప ఎటో వెళ్ళిపోయినట్టుంది. "చిరుదీపంలో ఉన్నాడు" అనగానే ముసలాళ్ళకు దీపం కొండెక్కడం గుర్తొస్తుంది. ఆ రెండూ పోయాయి. ఊయల చాలామందికి నచ్చింది, కానీ ఒక పాత సిస్టర్ అడ్డుపడింది. తమిళనాడు 1992లో వదిలేసిన ఆడపిల్లల కోసం ఊయల పథకం మొదలుపెట్టింది. మన దగ్గరా కొన్ని ఆసుపత్రుల దగ్గర, వద్దనుకున్న బిడ్డను పడేయకుండా పడుకోబెట్టి పొమ్మని ఊయలలు పెట్టారు. "ఊయలలో ఉంది" అంటే తెలిసినవాళ్ళకు అర్థం వేరే. ఆ అభ్యంతరం డాక్టర్లెవరికీ తట్టలేదు. చీటీల డబ్బా అందరి మధ్యా తిరగాలనేది ఇందుకే.

తర్వాత పిల్లల పరీక్ష. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు మాటను ఉన్నది ఉన్నట్టే తీసుకుంటారు. "సింహంలోకి వెళ్దామా?" అంటే, లోపల సింహముందా అని అమ్మ కొంగు పట్టుకుంటారు. ఆ వయసులో జబ్బును తాము చేసిన తప్పుకు శిక్షగా భావించడం కూడా మామూలే. ఇంట్లో అన్నం తినకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి సూది వేయిస్తానని బెదిరించేది మనమేగా! ఆ బెదిరింపు తలలో పెట్టుకుని వచ్చిన పిల్లవాడికి గుమ్మంలో సింహం అవసరమా? ఆ పేరూ పోయింది. ఇక రెండో కొసన ఉన్నది పన్నెండేళ్ళ కుర్రాడు. పిల్లల వార్డంటే చంటివాళ్ళదే అనుకుంటాం, కానీ డెంగీతో వచ్చే ఏడో తరగతి పిల్లలు ఎందరో. "బొమ్మరిల్లులో ఉన్నాను" అని స్నేహితుడికి చెప్పడానికి వాడికి నామోషీ. ఆడపిల్లల ఆటలా ఉందని ఒకడు మొహం మీదే అన్నాడనుకోండి, వాణ్ణి తప్పుపట్టలేం.

మిగిలినవి గులాబీ, చిగురు. గులాబీ పువ్వు పేరే అయినా అందరికీ తోచేది రంగు. ఆసుపత్రిలో రంగులు అప్పటికే పనిలో ఉన్నాయి. ప్రమాదాల్లో వచ్చినవాళ్ళను ఎరుపు, పసుపు, ఆకుపచ్చగా విడదీస్తారు. చెత్త సంచులకు పసుపు, ఎరుపు, నీలం. పెద్ద ఆసుపత్రుల్లో "కోడ్ పింక్" అంటే పసిబిడ్డ కనిపించడం లేదని హెచ్చరిక. వార్డు పేరులో రంగు వద్దనేది కచ్చితంగా పాటించాల్సిన నియమం.

చిగురుకు ఇక ఫోన్ పరీక్ష. అర్ధరాత్రి బిడ్డకు ఊపిరి ఆడకపోతే డ్యూటీ డాక్టరును పిలిచే సిస్టర్ ఆ పేరును గోలలో, చెడ్డ లైన్‌లో ఒక్కసారే పలుకుతుంది. అదే భవనంలో దానికి దగ్గరగా వినిపించే పేరు ఇంకొకటి ఉండకూడదు. చందన, వందన అని పక్కపక్క అంతస్తులకు పేర్లు పెట్టుకుంటే, డాక్టరు తప్పు మెట్లెక్కాడన్న సంగతి అక్కడికి వెళ్ళాకే తెలుస్తుంది. ఓదార్పు కోసం పెట్టిన పేరు ప్రాణం మీదికి తేకూడదు. పిల్లలవార్డు పాత పేరుకు, కొత్త పేరుకు మధ్య కనీసం కొన్ని నెలలు రెండూ కలిపి పలకడం కూడా ఇందుకే అవసరం. చివరిది చదువు పరీక్ష. చిగురులో ఒత్తులు లేవు, రెండో తరగతి పిల్ల కూడబలుక్కుని చదువుతుంది. తెలుగు రాని లంబాడీ అవ్వకు, ఉర్దూ మాట్లాడే నాన్నకు పక్కనే లేత మామిడాకుల బొమ్మ చాలు. లిఫ్టు దగ్గర, మందుల చీటీ మీద, గోడ మీది బాణం గుర్తు పక్కన అదే బొమ్మ ఉండాలి. ఒకచోట మామిడాకు, ఇంకోచోట రావాకు వేస్తే అంతా మొదటికొస్తుంది.

ఇప్పుడు ఆ 10 పడకల సంగతి. దానికి వేరే ముద్దుపేరు పెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. నాకైతే వద్దనిపిస్తుంది. వేరే పేరు పెడితే నెల తిరగకుండా ఆ పేరుకు "సీరియస్" అన్న అర్థం వచ్చేస్తుంది. "చిగురులో నర్సుల బల్ల ఎదురుగా ఉన్నాం" అన్నప్పుడు బిడ్డ అదే వార్డులో ఉంది, కాస్త దగ్గరగా చూస్తున్నారు, అంతే. బోర్డు మీద పెద్ద అక్షరాల్లో "చిగురు", దాని కింద చిన్న అక్షరాల్లో "పిల్లల వార్డు, 2వ అంతస్తు" అని ఉండాలి. ఆ రెండో వరుస లేకుండా పేరొక్కటే రాసి పెడితే అందరూ అదేదో క్యాంటీన్ అనుకుని దాటిపోతారు. కేస్ షీట్ మీద, కంప్యూటర్‌లో పాత కోడ్ అలాగే ఉండొచ్చు, ఇంటివాళ్ళకు దానితో పనిలేదు.

పేరు మార్చితే నిజంగా ఏమైనా మారుతుందా అన్న అనుమానానికి జవాబు పెద్దవాళ్ళ ఆసుపత్రి నుంచి దొరుకుతుంది. అమెరికాలోని హ్యూస్టన్‌లో ఎండీ ఆండర్సన్ కేన్సర్ కేంద్రంలో నొప్పిని, బాధను తగ్గించే విభాగానికి "పాలియేటివ్ కేర్" అని పేరుండేది. ఆ మాట వింటే ఇక చేసేదేమీ లేదన్న అర్థం తోచి, రోగుల సంగతి అటుంచి, డాక్టర్లే వాళ్ళను అక్కడికి పంపడానికి జంకేవారు. 2007లో దాన్ని "సపోర్టివ్ కేర్" అని మార్చారు. 2011లో వచ్చిన అధ్యయనం ప్రకారం ఆ తర్వాత అక్కడికి పంపిన రోగుల సంఖ్య 41 శాతం పెరిగింది. సేవలు అవే, డాక్టర్లూ వాళ్ళే.

అయితే పేరు అబద్ధమాడకూడదు. కేన్సర్ పిల్లల వార్డుకు ఆటస్థలం లాంటి పేరు పెట్టి, తండ్రికి సంగతి మూడో రోజున తెలిస్తే ఆ తర్వాత డాక్టరు చెప్పే ఏ మాటనూ అతను నమ్మడు. 2021లో తిరుపతిలో తెరిచిన పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం పేరు చూడండి, గుండె సంగతి దాచలేదు, జబ్బు అన్న మాటా ఎత్తలేదు. గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్‌లో ఏనుగు వార్డంటే ఏమిటో అక్కడికి వచ్చే కుటుంబాలకు బాగా తెలుసు. జబ్బు సంగతి డాక్టరు కూర్చోబెట్టి చెప్పాలి, ఆ పని తలుపు మీది బోర్డుకు అప్పగించకూడదు.

ఎంత మంచి పేరైనా లోపల జరిగేదాన్ని బట్టే రంగు మారుతుంది. ఎర్రగడ్డ అనేది హైదరాబాద్‌లో ఒక పేట పేరు, అందులో భయపెట్టేది ఏముంది? మానసిక వైద్యశాల అక్కడ ఉండటం, ఆ రోగుల్ని మనం వెక్కిరించడం వల్ల ఆ ఊరిపేరే తిట్టయి కూర్చుంది. చిగురు వార్డులో సెక్యూరిటీ మనిషి తల్లుల మీద అరిస్తే, పడకకు ఇద్దరు పిల్లల్ని వేస్తే, ఏడాదిలో ఆ పేరూ చేదెక్కుతుంది. అప్పుడు మళ్ళీ కొత్త పేరు వెతుక్కుంటారు.

మీ ఊళ్ళో కొత్త పిల్లల వార్డు కడుతున్నారని తెలిస్తే, అభివృద్ధి కమిటీలో మీకు తెలిసినవాళ్ళుంటే, రాతి ఫలకం ఆర్డరివ్వక ముందే వెళ్ళి రెండు పనులు చేయించండి. అనుకున్న పేరును పాత వార్డులో ఉన్న నలుగురు తల్లుల చేత ఫోన్‌లో వాళ్ళ ఇళ్ళకు చెప్పించి వినండి. దాత కుటుంబంతో కూర్చుని, ఆ "కీ.శే."ని గుమ్మం మీంచి తీయించండి. రెండింటికీ ఖర్చు లేదు. ఫలకం చెక్కాక అడిగితే మాత్రం ఎవరూ మార్చరు.